231 కాదు, 213: ఒక సహ రచయిత రాసిన ఉత్తరం

పేపర్ జర్నల్లో వచ్చి ఐదు నెలలైంది. ఆరుగురు రచయితల్లో ఆయన పేరు నాలుగోది. గణాంకాల పని ఆయనది. ఒక సాయంత్రం నర్సింగ్ విద్యార్థులకు మర్నాడు చెప్పాల్సిన పాఠానికి స్లయిడ్లు తయారుచేసుకుంటూ, బయటి లెక్కలెందుకు, మన పేపర్లోవే పెడదామని దాన్ని తెరిచారు. ఫలితాల విభాగం రెండో పేరాలో ఇలా ఉంది: రక్తపరీక్ష చేసిన 412 మంది బాలికల్లో 231 మందికి, అంటే 56.1 శాతం మందికి, రక్తహీనత ఉంది. ఎవరికి ఎంత తీవ్రంగా ఉందో కూడా పిల్లలకు చూపిద్దామని అనుబంధ పట్టిక 3 తీశారు. స్వల్పం 96, మధ్యస్థం 109, తీవ్రం 8. మూడూ కూడితే 213.

మళ్ళీ కూడారు. 213.

ఈ పేపరూ ఈ అంకెలూ నేను వివరణ కోసం అల్లుకున్నవి. పరిశోధన పత్రాల్లో పొరపాట్లు ఎలా పుడతాయో, ఎలా బయటపడతాయో, వాటిని ఎలా దిద్దుతారో ఒకే చోట చూపించడానికి ఇలాంటి ఉదాహరణ కావాలి. ఇందులోని ప్రతి మలుపూ ఆ రంగంలో నిజంగా ఎదురయ్యేదే.

అనుబంధ పట్టిక అంటే పేపర్లో చోటు చాలక విడిగా పెట్టే లెక్క. చదివేవాళ్ళకు పేపర్ ఒక ఫైలుగా, అనుబంధం ఇంకో ఫైలుగా దొరుకుతాయి. ఆ రెండో ఫైలును తెరిచేవాళ్ళు తక్కువ. అచ్చుకు ముందు పేపర్‌ను పరిశీలించే రివ్యూయర్లు కూడా అందులోని ప్రతి వరుసనూ కూడి చూడరు. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు ముగ్గురు జన్యుశాస్త్ర పత్రాల అనుబంధ ఎక్సెల్ ఫైళ్ళను జల్లెడ పట్టారు. జన్యువుల పేర్ల జాబితా ఉన్న పత్రాల్లో దాదాపు అయిదో వంతులో కొన్ని పేర్లు తేదీలుగా మారిపోయి కనిపించాయి. SEPT2 అనే జన్యువును ఎక్సెల్ సెప్టెంబరు 2 అనుకుంది. అచ్చయ్యేదాకా అది ఎవరి కంటా పడలేదు.

మన గణాంకాల మాస్టారికి మొదట తట్టింది అందరికీ తట్టేదే: 213 అని కొట్టబోయి 231 అని కొట్టారు. పాత కొట్టు గుమాస్తాలకు తెలిసిన కిటుకు ఒకటుంది. చిట్టాలో రెండు మొత్తాలకు తేడా వచ్చి, ఆ తేడా తొమ్మిదితో శేషం లేకుండా పోతే, పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో ముందు చూస్తారు. ఇక్కడ తేడా 18. తొమ్మిది రెళ్ళు పద్దెనిమిది. అంతా సరిపోయింది. జర్నల్‌కు రెండు వరుసల ఉత్తరం రాసి, అచ్చుతప్పు అని చెప్పి, పాఠం పనిలో పడిపోవచ్చు.

ఆయన ఆ పని చేయలేదు. పక్కనున్న శాతం ఆయన్ను ఆపింది. 231ని 412తో భాగిస్తే 56.1 శాతం వస్తుంది. 213ని భాగిస్తే 51.7. కేవలం వేలు జారి 231 పడి ఉంటే, దాని పక్కన కంప్యూటర్ ఇచ్చిన 51.7 అలాగే ఉండాలి. శాతం కూడా 231కే అతుకుతోందంటే రెండు దారులున్నాయి. తప్పు పడిన అంకెనే ఎవరో కాలిక్యులేటర్లో కొట్టి శాతం తీసి ఉండాలి. లేదా 231 అనేది నిజంగానే ఎక్కడో ఒక లెక్కలోంచి వచ్చి ఉండాలి. ఏది నిజమో పేపర్ చెప్పదు, అసలు డేటా చెప్పాలి.

ఆయన పాత ఫోల్డర్లు తీశారు. రెండు ప్రోగ్రాములు దొరికాయి. పేపర్ తొలి చిత్తు రాసినప్పటి దానిలో రక్తహీనతను గుర్తించే వరుస ఇది:

```
anaemia <- hb <= 12
```

జర్నల్ రివ్యూయర్ తీవ్రతను బట్టి విడదీసి చూపమని అడిగాక, అనుబంధ పట్టిక కోసం రాసిన దానిలో ఇలా ఉంది:

```
anaemia <- hb < 12
```

తేడా ఒక్క సమానం గుర్తు. మొదటిది హిమోగ్లోబిన్ 12 గానీ అంతకు తక్కువ గానీ ఉన్నవాళ్ళందరినీ లెక్కిస్తుంది. రెండోది 12 కంటే తక్కువ ఉన్నవాళ్ళనే. సరిగ్గా 12.0 ఉన్న బాలికలు ఎంతమంది అని డేటాను అడిగారు:

```
sum(hb == 12)
[1] 18
```

పద్దెనిమిది మంది. అంకెలు తారుమారు కావడం అనేది అందంగా సరిపోయిన అబద్ధం. అసలు కారణం గీత దగ్గర నిలబడ్డ పద్దెనిమిది మంది ఆడపిల్లలు.

412 మందిలో అంతమంది సరిగ్గా 12.0 దగ్గరే ఉండటం వింతేమీ కాదు. చేతిలో పట్టుకుని చూసే మీటరు ఒక్క దశాంశ స్థానం వరకే చూపిస్తుంది. పైగా రిజిస్టర్లో రాసేవాళ్ళు 11.9నో 12.1నో పూర్ణాంకానికి సర్దేయడం క్షేత్రంలో పనిచేసిన వాళ్ళందరూ చూసినదే. అందుకే ఆరోగ్య సర్వేల డేటాలో పూర్ణాంకాల దగ్గర గుట్టలు కనిపిస్తాయి. ఆ గుట్ట మీదే గీత పడినప్పుడు, గీతను లోపల కలపాలా వద్దా అన్న చిన్న ప్రశ్నకు పెద్ద తేడా వస్తుంది.

మరి ఏది సరైనది? ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది. దాన్ని తేల్చాల్సింది ఫలితం కాదు, ముందే రాసిపెట్టుకున్న నిర్వచనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానం ప్రకారం పన్నెండేళ్ళు దాటిన, గర్భం లేని ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత. 11 నుంచి 11.9 దాకా స్వల్పం, 8 నుంచి 10.9 దాకా మధ్యస్థం, 8 కంటే తక్కువైతే తీవ్రం. 12.0కి ఆ మెట్లలో చోటు లేదు. మన ఉదాహరణలోని పేపర్ కూడా తన పద్ధతుల విభాగంలో 12 కంటే తక్కువ అనే రాసుకుంది. కాబట్టి పట్టిక ఒప్పు, పాఠం తప్పు. ఆ విభాగంలో ఏమీ రాసి ఉండకపోతే, పరిశోధన మొదలుపెట్టకముందు ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన ప్రణాళికను చూడాలి. ఏ అంకె మన వాదనకు బలమిస్తుందో చూసి దాన్ని ఎంచుకోవడం మాత్రం చేయకూడదు.

పద్దెనిమిది మందేగా, ఏం కొంప మునిగింది అని అడగవచ్చు. సారాంశంలో ఒక వాక్యం ఉంది: ఈ జిల్లాలో సగానికి పైగా కౌమార బాలికలు రక్తహీనతతో బాధపడుతున్నారు. 412 మందిని చూసి జిల్లా మొత్తం గురించి మాట్లాడుతున్నప్పుడు ఒక్క అంకె చెబితే సరిపోదు. నిజమైన శాతం ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండవచ్చో పరిధి చెప్పాలి. పాత అంకెతో ఆ పరిధి 51.3 నుంచి 60.9 శాతం. కింది కొస కూడా సగం పైనే ఉంది కాబట్టి ఆ వాక్యం నిలబడింది. కొత్త అంకెతో పరిధి 46.9 నుంచి 56.5. ఇప్పుడు కింది కొస సగం కిందకు జారింది. పరీక్షించిన 412 మందిలో సగానికి పైగా అన్నది ఇప్పటికీ నిజమే. జిల్లాలో సగానికి పైగా అని అదే ధీమాతో అనే వీలు మాత్రం పోయింది. బడుల వారీగా పిల్లల్ని ఎంచుకుని ఉంటే ఈ పరిధి ఇంకా వెడల్పవుతుంది.

ఆయన ఆ రాత్రే ఏమీ పంపలేదు. మర్నాడు పాఠం అయ్యాక మిగతా పట్టికల్లో తన దగ్గర ఉన్నవాటిని మళ్ళీ నడిపి చూశారు. తర్వాత పేపర్ బాధ్యత చూసే ప్రొఫెసరమ్మకు, మొదటి రచయితకు కలిపి ఈ ఉత్తరం రాశారు.

*విషయం: మన రక్తహీనత పేపర్లో 231కీ అనుబంధ పట్టిక 3లోని 213కీ తేడా*

*మేడమ్, నమస్తే.*

*మన పేపర్లో రక్తహీనత ఉన్నవాళ్ళ సంఖ్య రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. సారాంశంలోనూ, ఫలితాల విభాగం రెండో పేరాలోనూ 412లో 231 (56.1%). అనుబంధ పట్టిక 3లో మూడు వరుసలు కూడితే 213 (51.7%).*

*కారణం దొరికింది. తొలి చిత్తుకు వాడిన ప్రోగ్రాములో 12 గానీ అంతకు తక్కువ గానీ అని ఉంది. రివ్యూ తర్వాతి దానిలో 12 కంటే తక్కువ అని ఉంది. సరిగ్గా 12.0 ఉన్నవాళ్ళు 18 మంది. తేడా అంతా వాళ్ళే. మన పద్ధతుల విభాగం ప్రకారం రెండోదే సరైనది. కాబట్టి పట్టిక సరిగానే ఉంది, పాఠంలోని అంకె మార్చాలి.*

*తల్లి చదువును బట్టి పోల్చిన పట్టిక 2ను మళ్ళీ నడిపాను. అది కొత్త ప్రోగ్రాములోంచే వచ్చింది, అచ్చయిన అంకెలే వచ్చాయి. హాస్టల్ పిల్లలనూ ఇంటి నుంచి వచ్చే పిల్లలనూ పోల్చిన పట్టిక 4 నేను చూడలేదు. ఆ ఫైలు నా దగ్గర లేదు. అది చూసేదాకా ముఖ్య ఫలితాలు మారవని నేను చెప్పలేను.*

*"జిల్లాలో సగానికి పైగా" అన్న వాక్యం మాత్రం మారాలి. కొత్త పరిధి 46.9 నుంచి 56.5. "సుమారు సగం" అంటే సరిపోతుందని నా అభిప్రాయం.*

*రివ్యూ సమయంలో కొత్త పట్టిక పంపినప్పుడు, దాని ప్రకారం పాఠాన్ని కూడా మార్చాలని చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. రెండు ప్రోగ్రాములు, వాటి ఫలితాలు, సవరణ ప్రకటన చిత్తు జతచేశాను. పట్టిక 4 ఫైలు పంపితే రెండు రోజుల్లో చూస్తాను. ఆ తర్వాత ఆరుగురికీ ఒకేసారి పంపి, అందరూ సరే అన్నాక ఎడిటర్‌కు రాద్దామని నా ప్రతిపాదన. నా లెక్కలో పొరపాటు ఉంటే చెప్పండి.*

ఈ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది "నేను చూడలేదు" అన్న మాట. పొరపాటు బయటపడగానే మనసు రెండు వైపుల్లో ఒక వైపుకు పరుగెత్తుతుంది. అంతా పోయిందని గాభరా పడటం ఒకటి, ఫలితాలేమీ మారలేదని తేల్చేయడం రెండోది. సవరణ ప్రకటనల్లో చాలావాటికి ముగింపు ఈ రెండో వాక్యమే: ఈ మార్పు వల్ల పేపర్ నిర్ధారణలు మారవు. ఆ మాట రాయడానికి ముందు ప్రతి పట్టికనూ మళ్ళీ నడిపి ఉండాలి. చూసినవేవో, చూడనివేవో విడగొట్టి చెప్పిన సహ రచయిత, ఆ మాటను చౌకగా వాడే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు.

మొదటి ప్రోగ్రాము ఎవరు రాశారో ఉత్తరంలో లేకపోవడం కూడా గమనించాలి. బహుశా ప్రాజెక్టు ముగియగానే వెళ్ళిపోయిన ఒక అసిస్టెంట్ రాసి ఉంటారు. సవరణకు ఆ పేరు అక్కర్లేదు. ఆయన తన వాటా ఏమిటో మాత్రం ఒక వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళారు. వైద్య పత్రికల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ రచయితగా పేరుండటానికి పెట్టిన నాలుగు షరతుల్లో చివరిది ఇదే: పత్రంలోని ఏ భాగం మీద ప్రశ్న వచ్చినా దాన్ని పరిశోధించి తేల్చే పూచీ తీసుకోవాలి. 2013లో ఆ షరతు చేర్చారు. నాలుగో పేరుకైనా ఆ పూచీ మొదటి పేరుకున్నంతే.

ఆయన జతచేసిన సవరణ చిత్తు నాలుగు వాక్యాలు. "ఈ పత్రం సారాంశంలోనూ ఫలితాల్లోనూ రక్తహీనత ఉన్న బాలికల సంఖ్య 231 (56.1%) అని ప్రచురితమైంది, 213 (51.7%) అని ఉండాలి. హిమోగ్లోబిన్ సరిగ్గా 12.0 ఉన్న 18 మందిని, పద్ధతుల విభాగంలోని నిర్వచనానికి భిన్నంగా, పొరపాటున కలపడం వల్ల ఈ తేడా వచ్చింది. అనుబంధ పట్టిక 3 సరైనదే. దీని ప్రకారం సారాంశంలోని చివరి వాక్యాన్ని 'సుమారు సగం మంది' అని చదువుకోవాలి." అచ్చుతప్పు అన్న మాట ఎక్కడా లేదు, ఎందుకంటే అది అచ్చుతప్పు కాదు. పాత అంకె, కొత్త అంకె, కారణం, దాని పర్యవసానం పక్కపక్కనే ఉన్నాయి. అయిదో వాక్యానికి, అంటే మిగతా ఫలితాల గురించి చెప్పే వాక్యానికి, పట్టిక 4 చూసేదాకా ఖాళీ వదిలారు.

ఇలాంటి ఉత్తరానికి తరచుగా వచ్చే తొలి జవాబు, "ఇంత చిన్నదానికి జర్నల్ దాకా ఎందుకు?" అనే. పైస్థాయి వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. సవరణ అంటే మచ్చ అనే భావన మన విశ్వవిద్యాలయాల్లో ఇంకా గట్టిగానే ఉంది. కానీ పేపర్లోని అంకె పేపర్లోనే ఉండిపోదు. ఇదే అంశం మీద వచ్చిన అనేక పత్రాల అంకెలను కలిపి సమీక్ష రాసేవాళ్ళు ఒకరు పాఠంలోంచి 231 తీసుకుంటారు, ఇంకొకరు పట్టికలోంచి 213 తీసుకుంటారు. జిల్లా అధికారి ఐరన్ మాత్రల అవసరం అంచనా వేస్తే, లక్ష మంది బాలికలకు ఆ రెండు అంకెల మధ్య తేడా దాదాపు 4,400 మంది. వాళ్ళెవరికీ ఈ పేపర్లో రెండు అంకెలున్నాయని తెలియదు. తెలిసినవాళ్ళు ఆరుగురే.

ప్రచురణ నైతికత కమిటీ, కోప్ అని పిలిచేది, ఎడిటర్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక విభజన ఉంది. నమ్మదగిన పత్రంలో కొద్ది భాగం మాత్రమే తప్పుదారి పట్టించేలా ఉంటే సవరణ చాలు. నిర్ధారణలే నమ్మడానికి వీల్లేకపోతే ఉపసంహరణ. మన ఉదాహరణ మొదటి కోవలోకే వస్తుంది, పట్టిక 4లో కొత్త విషయం బయటపడకపోతే. ఎడిటర్ ఒప్పుకున్నాక సవరణ ప్రకటన విడిగా ప్రచురితమవుతుంది, అసలు పత్రానికి దాని లంకె పడుతుంది. పత్రాన్ని దిద్ది కొత్తగా పెడితే ఏ తేదీన ఏం మార్చారో రాయాలి, పాత ప్రతినీ భద్రంగా ఉంచాలి. వెబ్‌సైటులో ఫైలును చడీచప్పుడు లేకుండా మార్చేయడం సవరణ కాదు.

మధ్య అంకె కొంచెమే కదిలినా పరిధి మారితే కథ మారుతుందనడానికి ఒక నిజమైన కేసు చెప్పాలి. 2018 అక్టోబరు చివర్లో నేచర్ పత్రికలో లోర్ రెస్ప్లాండీ మొదటి రచయితగా ఒక పత్రం వచ్చింది. గాలిలోని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ మార్పులను బట్టి సముద్రాలు ఏటా ఎంత వేడి పీల్చుకుంటున్నాయో అంచనా కట్టిన పని అది. కొద్ది రోజులకే నిక్ లూయిస్ అనే బ్రిటన్ స్వతంత్ర పరిశోధకుడు అనిశ్చితి లెక్క కుదరడం లేదని చూపించారు. సహ రచయిత రాల్ఫ్ కీలింగ్ వారం పది రోజుల్లోనే బహిరంగంగా పొరపాటు ఒప్పుకుని, లూయిస్‌కు కృతజ్ఞత చెప్పి, ఏం జరిగిందో వివరంగా రాశారు. తొలి పత్రంలోని అంచనా, 10కి 22వ ఘాతం జౌళ్ళలో, 1.33 ± 0.20. సరిచూశాక 1.21 ± 0.72. మధ్య అంకె కొద్దిగానే తగ్గింది, దాని చుట్టూ ఉన్న అనిశ్చితి మూడు రెట్లు దాటింది. అంత వెడల్పు పరిధితో తొలి పత్రం ధీమాగా చెప్పిన మాట నిలవలేదు. రచయితలు 2019 సెప్టెంబరులో దాన్ని ఉపసంహరించుకున్నారు. అదే ఏడాది సరిచేసిన లెక్కతో ఇంకో పత్రికలో ప్రచురించారు.

అక్కడ తప్పు పట్టింది బయటివాడు. మన ఉదాహరణలో పట్టింది లోపలివాడు. లోపలివాడికి ఒక సౌలభ్యం ఉంది: పాత ఫోల్డర్ ఆయన కంప్యూటర్లోనే ఉంది. 231 ఎక్కడినుంచి వచ్చిందో ఒక్క సాయంత్రంలో తేలింది. బయటివాడు ఎంత తెలివైనవాడైనా పట్టిక చూసి 213 అని చెప్పగలడు గానీ, ఆ సమానం గుర్తును చూడలేడు.

మీ పేరు మీద పరిశోధన పత్రం ఉంటే, మీరు ఎన్నో రచయిత అయినా సరే, ఈ వారం ఒక అరగంట దానికి ఇవ్వండి. సారాంశంలో ఉన్న మొదటి అంకె తీసుకుని, దాన్ని పట్టికలోనూ అనుబంధంలోనూ వెతికి, వరుసలు కూడి చూడండి. తేడా వస్తే ఎవరికీ ఏమీ రాయకముందు పాత ప్రోగ్రాము తెరవండి.